నష్టాన్ని తొలగించాలి అంటే పక్కాయన బోరు మూయించడమేనా?

కొత్త విద్యార్థి, మిర్యాలగూడ:
ఇస్లామీ ధర్మశాస్త్రం ఈ మధ్యనే చదవడం మొదలుపెట్టాను. 'నష్టాన్ని తొలగించాలి' అనే సూత్రం దగ్గర ఆగిపోయాను. పక్కాయన పని వల్ల నాకు నష్టమైతే ఆయన ఆ పని ఆపాల్సిందేనా? మా ఊళ్లో ఇప్పుడు బోర్ల గొడవ నడుస్తోంది, దానికి వర్తిస్తుందా? రోజూ చూసే ఉదాహరణలతో చెప్పండి.

పాలమూరు వకీల్:
వర్తిస్తుంది తమ్ముడూ, అందులో అనుమానం ఏముంది. తుర్కీ ఉస్మానీ సామ్రాజ్యం వాళ్లు 1869 నుంచి 1876 దాకా 'మజల్లా' అనే సివిల్ చట్టం తయారు చేశారు, దాని మొదట్లోనే ఈ సూత్రాలు వరసగా ఉంటాయి. హాని చేయొద్దు, హానికి బదులు హాని చేయొద్దు అని 19వ నిబంధన, హానిని తొలగించాలని 20వది. పాతదాన్ని ఉన్నట్టే ఉంచాలని 6వది. అంటే ఎవరి బోరు ముందు పడిందో వాళ్లదే హక్కు, కొత్త బోరాయన మూసేయాలి. ఇందులో తికమక ఏమీ లేదు.

ఆలిమా, నల్లగొండ:
వకీల్ సాబ్, నిబంధనలు సరిగ్గానే చెప్పారు కానీ తీర్పు తొందరగా ఇచ్చేశారు. 6వ నిబంధన పక్కనే 7వది చూడండి, హాని పాతబడినంత మాత్రాన హక్కు అయిపోదు అని ఉంటుంది. తాతల కాలం నుంచి ఒకరి ఇంటి మురుగు బజారు మీదకు వస్తోందనుకోండి, ఎన్నేళ్లయినా దాన్ని ఆపించొచ్చు. కాబట్టి ముందు ఎవరు అన్న ఒక్క ప్రశ్నతో పని తెగదు.

తమ్ముడూ, నువ్వు ఈ సూత్రాన్ని ఒంటరిగా చదవకు. ఇంటి పక్కన పిండి గిర్ని పెట్టారనుకో. అది తిరిగితే నీ గోడ అదిరి పగుళ్లు వస్తున్నాయి. ఇది తొలగించాల్సిన హానే, మజల్లా కూడా గోడను బలహీనం చేసే కమ్మరి కొలిమి, తిరగలి గురించే చెబుతుంది. అదే పక్కాయన మేడ కట్టి నీ కిటికీలోంచి కనిపించే గుట్ట కనబడకుండా చేశాడనుకో, బాధే కానీ ఆపించలేవు. ఇల్లు ఇల్లుగా పనికిరాకుండా పోవాలి, లేదా కట్టడం దెబ్బతినాలి, అప్పుడే అది ఆపించదగ్గ పెద్ద హాని. ఇంకో మెలిక ఉంది. గిర్ని ముందునుంచీ ఉండి, నువ్వే వచ్చి దాని పక్కన ఇల్లు కట్టుకుంటే, గోడ అదురుతోందని గిర్ని మూయించలేవు, నీ జాగ్రత్త నువ్వే పడాలి.

తొలగించడం కూడా ఒక్కసారిగా జరగదు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో సముర బిన్ జుందుబ్ ఖర్జూర చెట్ల సంగతి ఉంది. ఆ చెట్లు వేరే ఆయన తోటలో ఉన్నాయి. సముర చెట్ల కోసం వచ్చిపోతుంటే తోటలో కుటుంబంతో ఉంటున్న ఆయనకు ఇబ్బంది అయ్యేది. ప్రవక్త (స) ముందు అమ్మమన్నారు, సముర ఒప్పుకోలేదు. మార్చుకోమన్నారు, ఒప్పుకోలేదు. దానంగా ఇచ్చేయమన్నారు, దానికీ కాదన్నాడు. అప్పుడు గానీ, నువ్వు హాని చేసేవాడివి అని, చెట్లు పీకేయమని తోటాయనతో చెప్పలేదు. ఈ కథనం చెప్పినవాళ్ల పరంపర మీద పండితుల్లో చర్చ ఉంది, కానీ ఆ మెట్ల వరస మాత్రం నేర్చుకోదగ్గది. పీకేయడం చివరి మెట్టు.

బత్తాయి రైతు, దేవరకొండ:
అక్కా, నా సంగతి ఇదే. మాకు మూడు వందల ఫీట్ల బోరు, బత్తాయికి సరిపోను నీళ్లు పోసేది. పోయిన ఎండాకాలం గెట్టు అవతలాయన ఏడు వందల ఫీట్లు వేసిండు, అప్పటి నుంచి మాది గాలి పోస్తోంది. సగం చెట్లు ఎండిపోతున్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోతోంది. నాకు పైసలు ఎవరు కట్టిస్తారు, ఎక్కడ కేసు పెట్టాలి?

ఆలిమా, నల్లగొండ:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ మజల్లా ఇక్కడ కోర్టులో నడిచే చట్టం కాదు, మీ గొడవ మామూలు చట్టంలోనే తేలాలి. వకీల్ సాబ్ అది చెబుతారు, నేను శాస్త్రం సంగతి చెబుతాను. మజల్లా 1291వ నిబంధన అచ్చంగా మీ కేసే. సొంత భూమిలో బావి తవ్వుకున్నవాడు, పక్కాయన తన భూమిలో ఇంకో బావి తవ్వితే, నా నీళ్లు లాగేస్తోందని ఆపలేడు. ధర్మశాస్త్రంలో హనఫీ శాఖ పద్ధతి ఇది. మాలికీ శాఖకు మూలమైన ఇమామ్ మాలిక్ మాట వేరు, పాత బావిని దెబ్బతీసే కొత్త బావిని ఆపొచ్చని ఆయన అభిప్రాయం.

పాలమూరు వకీల్:
1291 నేనూ చూశాను ఆపా. కానీ అది చేత్తో తవ్వే బావుల కాలం నాటిది. ఏడు వందల ఫీట్ల నుంచి మోటారుతో లాగేది ఆ లెక్కలోకి ఎట్లా వస్తుంది? రైతన్నా, బోరు వేయడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అనేది, దాని కింద అనుమతి కావాలి, తాగునీటి పబ్లిక్ బోరుకు 250 మీటర్ల లోపు వేయడానికి ఆంక్షలున్నాయి. ముందు ఆయన అనుమతి తీసుకున్నాడా అని తహసీల్దార్ ఆఫీసులో అడుగు.

బోర్ల జియాలజిస్టు, జడ్చర్ల:
అసలు ఆయన బోరు వల్లే ఎండిందని ఎవరు తేల్చారు? మన కింద గట్టి గ్రానైటు, నీళ్లు పగుళ్లలో మాత్రమే ఉంటాయి. రెండు బోర్లకూ ఒకే పగులు తగిలితే ఒకటి రెండోదాని నీళ్లు లాగుతుంది, లేకపోతే పక్కపక్కనే ఉన్నా సంబంధం ఉండదు. రాత్రంతా రెండూ బంద్ పెట్టండి. పొద్దున మీ బోరులో నీరు ఎంత లోతున ఉందో బరువు కట్టిన టేపుతో కొలవండి. తర్వాత ఆయన మోటారు ఒక్కటే నడిపి, అరగంటకోసారి మీ మట్టం చూడండి. నడుస్తుంటే దిగి, ఆపాక మళ్లీ లేస్తే సంబంధం ఉన్నట్టే. కదలకపోతే ఎండాకాలం పని అయ్యుంటుంది.

ఆలిమా, నల్లగొండ:
ఇది చాలా ముఖ్యమైన మాట. అనుమానంతో నిశ్చయం తొలగిపోదు అనేది ఇంకో మూల సూత్రం. ఆయన భూమిలో ఆయన హక్కు నిశ్చయం, హాని మాత్రం ఇంకా అనుమానం, నిరూపించాల్సింది రైతన్నే. తేలితే మాలికీ అభిప్రాయం మీద ఆపమని అడగొచ్చు, హనఫీ మీదైతే ఆపలేరు. వకీల్ సాబ్ లేవనెత్తింది నిజమైన ప్రశ్నే, మోటారు బోరును పాత బావి లెక్కన చూడాలా లేక పెద్ద హాని కింద చూడాలా అని ఈ కాలం పండితులే తేల్చాలి. నా మటుకు నాకు పెద్ద హాని కిందే చూడాలనిపిస్తుంది.

అయితే అప్పుడు కూడా మూయించే ముందు ఆగి ఆలోచించాలి. హానిని అలాంటి హానితోనే తొలగించకూడదని 25వ నిబంధన. ఇక్కడ మీ చెట్లు బతికి అక్కడ ఆయన చేను ఎండితే ఏం లాభం? వారంలో రోజులు పంచుకోవడం, లేదా ఆయన బోరు నుంచి బత్తాయి కాపు దాటేదాకా కొంత నీరు ఇచ్చి మీరు కరెంటు, మోటారు ఖర్చు పెట్టుకోవడం, ముందు ఇవి అడగాలి.

పాలమూరు వకీల్:
అడగడం మంచిదే, కానీ ఆయన కాదంటే? సముర కథలో చివరికి చెట్లు పీకించారు కదా. చివరి మెట్టే లేకపోతే ముందు మెట్ల మాట ఎవరు వింటారు ఆపా? నేను ఒప్పుకోను.

బత్తాయి రైతు, దేవరకొండ:
అవతలాయన మా వరసకు బావే, మాట్లాడక ఆరు నెలలైంది. కొలత దగ్గర ఆయన కూడా నిలబడాలి కదా, లేకపోతే నమ్మడు. మా పెద్దమనిషితో పిలిపిస్తా. టేపు ఎన్ని ఫీట్లది కావాలి, జడ్చర్ల అన్నా?

బోర్ల జియాలజిస్టు, జడ్చర్ల:
మీ బోరు లోతంతా పోయేది తీసుకోండి, మూడు వందలు. మీ మోటారు, పైపులు పైకి తీశాకే దించండి, లేకపోతే కేబుల్‌కు చుట్టుకుని ఇరుక్కుంటుంది.