ఫొటోలో ఉన్నది మొక్కజొన్నా, చెరకా? తెలిసినవాళ్లు చెప్పండి

కర్నూలు నుంచి నంద్యాల పోతూ రోడ్డు పక్కన పొలాల ఫొటోలు తీశాను. ఒక్కో ఫొటో కింద పంట పేరు రాయాలి. వరి తేలిగ్గానే తెలిసింది. సన్నటి ఆకు, జానెడు దూరంలో కుదుళ్లు, మడిలో నీళ్లు. గోధుమ ఆకు కూడా సన్నదే కానీ ఆ మడిలో నీళ్లు నిలవవు, పైగా మన వైపు వేసేది బహు తక్కువ.

చిక్కంతా మోకాలెత్తు పైరున్న ఒక ఫొటోతో. గట్టు మీద సైకిల్ ఉంది కాబట్టి దాని చక్రంతో కొలిచాను. చక్రం సుమారు 70 సెంటీమీటర్లు. గట్టు వెంబడి సాలుకూ సాలుకూ మధ్య ఒకటింపావు చక్రం కంటే కాస్త ఎక్కువ, అంటే దాదాపు 90 వచ్చింది. చెరకు అనుకున్నాను. మొక్కజొన్నకైతే 60 నుంచి 75 దాకానే వదులుతారు కదా.

తర్వాత చూస్తే సాళ్లు గట్టుకు ఏటవాలుగా ఉన్నాయి. 45 డిగ్రీలు వాలితే 60 కూడా గట్టు వెంట 85 లాగా కనిపిస్తుంది! అందుకే ఆ కొలతను నమ్మలేకపోతున్నాను.

ఆకు వెడల్పుగా, అంచు అలలు అలలుగా వంగి ఉంది. ఇది మొక్కజొన్న లక్షణమే. కానీ మొదలు దగ్గర కలుపు అడ్డొచ్చి, ఒక్కటే కాండమో, చెరకులా పిలకలు గుంపుగా వచ్చాయో కనబడటం లేదు.

మొదలు కనబడనప్పుడు ఆకును బట్టే ఖాయం చేయొచ్చా? ఈ వయసులో జొన్న కూడా ఇలాగే ఉంటుంది కదా, దాన్నెలా వేరుచేస్తారు? సేద్యం చేసే అన్నలు, అక్కలు చెప్పండి.