పుట్టిన బిడ్డకు ఏ డైపర్: ఎక్కువ పీల్చేదా, పీసు ధర తక్కువదా?

రమ్య: బిడ్డ మూడు కిలోలు, చర్మం చాలా సున్నితం. పాంపర్స్, హగ్గీస్, మామీపోకోల్లో ఏది మంచిది? ఖరీదైనా బాగా పీల్చేది కొంటే రోజుకు తక్కువ పీసులతో సరిపోతుందా?

సుజాత: సరిపోదమ్మా. ఈ వయసు పిల్లలు పాలు తాగినప్పుడల్లా పల్చగా దొడ్డికి వెళ్తారు. డైపర్ ఎంత ఉచ్చ పట్టగలిగినా దొడ్డికి పోయిన వెంటనే మార్చాల్సిందే. అంటే పీల్చే శక్తిలో సగం కూడా వాడకుండానే పీసు చెత్తబుట్టలో పడుతుంది. రోజుకు పది పీసులు వేసుకోండి. ఉదాహరణకు ఒకటి పీసు ₹8, ఇంకొకటి ₹13 అనుకుందాం. అన్నీ ఖరీదైనవే వాడితే రోజుకు ₹130. పగలు ఎనిమిది చవకవి, రాత్రికి రెండు మంచివి వాడితే ₹90. నెలకు ₹1,200 తేడా. ప్యాకెట్ ధర చూసి మోసపోవద్దు, పీసుల సంఖ్యతో భాగించి చూడండి. ఒకే బ్రాండులో చిన్న ప్యాకెట్ పీసు చాలాసార్లు ఎక్కువ పడుతుంది. కానీ మొదట చిన్నదే కొని, తొడల దగ్గర సరిగ్గా కూర్చుంటుందో లేదో చూశాకే పెద్దది తీసుకోండి.

శ్రీను: అసలు డైపరే వద్దండీ. లోపలి జెల్ రసాయనం, ర్యాష్ దానివల్లే వస్తుంది. పాత నూలు గుడ్డ కడితే ఏ సమస్యా ఉండదు.

సుజాత: శ్రీనుగారూ, గుడ్డ విషయంలో మీ మాట సగం నిజం. తడిసిన వెంటనే తెలుస్తుంది కాబట్టి గుడ్డను ఆలస్యం చేయకుండా మారుస్తారు, మేలు అక్కడుంది. మార్చకపోతే గుడ్డే ఎక్కువ కష్టం, తడి చర్మాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. జెల్ ఆ తడిని లోపలికి లాగి పట్టి ఉంచుతుంది. ర్యాష్‌కు అసలు కారణం తడి, దొడ్డి కలిసి చర్మం మీద ఎక్కువసేపు ఉండటం, పైగా రాపిడి. దాన్ని చూసే పద్ధతి ఒకటుంది. ఎరుపు పిర్రల మీద ఉబ్బెత్తు చోట ఉండి, గజ్జల మడతలు బాగుంటే అది తడీ రాపిడీ వల్ల. మడతల్లోకి వ్యాపించి, చుట్టూ చిన్న ఎర్రచుక్కలు ఉంటే ఫంగస్ అనుమానం, డాక్టరుకు చూపించండి. నడుము పట్టీ, అంటించే టేపు తగిలిన చోట మాత్రమే ఎర్రబడితే అప్పుడు బ్రాండు మార్చండి. సువాసన ఉన్న వైప్స్ కూడా మానేయండి, తడి దూదితో తుడిచి, ఆరనిచ్చి కట్టండి.

వెంకటలక్ష్మి: మా బాబుకి ఎనిమిది నెలలు, రాత్రుళ్లు పొట్ట వైపు నుంచి కారిపోతోంది. ఇంకా ఖరీదైనది కొనాలా?

సుజాత: ముందు సైజు పెంచి చూడండి. కట్టేటప్పుడు అంగాన్ని కిందికి ఉంచండి, పైకి ఉంటే ఉచ్చ నడుము దగ్గరే బయటపడుతుంది.

ప్రవీణ్: పీల్చుకోవడాన్ని ప్రకటనల్లో నీళ్లు పోసి చూపిస్తారు. ఉత్త నీళ్లతో జెల్ చాలా ఎక్కువ పట్టుకుంటుంది, ఉప్పు ఉన్న ఉచ్చతో అంత పట్టుకోదు. ఇంట్లో పోల్చాలంటే అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో నాలుగున్నర గ్రాముల ఉప్పు కలపండి. డైపర్ మధ్యలో 20 మి.లీ. పోసి, ఐదు నిమిషాలాగి మరో 20 మి.లీ. పోయండి. ఇంకో ఐదు నిమిషాల తర్వాత ముందే తూచిన టిష్యూ కాగితాల దొంతర పెట్టి, పైన కిలో బరువు అర నిమిషం ఉంచి, మళ్లీ టిష్యూ తూచండి. పెరిగిన గ్రాములే చర్మానికి తగిలే తడి. మూడు బ్రాండ్లనూ ఒకే రోజు, ఒకే సైజులో చూడాలి.

సుజాత: మంచి పరీక్షే, రాత్రి డైపర్ ఎంచుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ పల్చటి దొడ్డి వీపు వైపు చిమ్ముతుందా అన్నది ఇందులో తెలియదు. దానికి నడుము వెనక సాగే పట్టీ, తొడల దగ్గర నిలబడే అంచు చూడాలి. బొడ్డు ఊడే వరకు టేపు రకమే మేలు, ముందు అంచును బొడ్డు కిందికి మడవచ్చు. ప్యాంటు రకాన్ని కాళ్ల గుండా ఎక్కించి దించే పనిలో బొడ్డుకు తగులుతుంది. మూడు కిలోల బిడ్డ రెండో వారం తర్వాత రోజుకు సుమారు 30 గ్రాములు పెరిగితే, రెండు నెలల వయసుకు నాలుగున్నర కిలోలకు దగ్గరవుతుంది. ప్యాకెట్ మీద ఐదు కిలోల వరకు అని రాసున్నా, తొడమీద ఎర్ర గీత పడితే అప్పుడే ఎస్ సైజుకు వెళ్లండి.

ప్రవీణ్: కలబంద పూత ఉన్న పై పొర సున్నిత చర్మానికి మంచిదేనా?

సుజాత: కొందరికి రాపిడి తగ్గిస్తుంది, కొందరికి ఆ పూతే పడదు. ఆ పూత తగిలే చోట కొత్త ఎరుపు కనిపిస్తే రెండు రోజులు పూత లేనిది వాడి చూడండి.

శ్రీను: అయినా పగలు గుడ్డే కట్టమంటాను. రోజుకు ఎనిమిది పీసుల ఖర్చు మొత్తం మిగులుతుంది కదా.

రమ్య: వానాకాలంలో అన్ని గుడ్డలు ఎక్కడ ఆరతాయండీ? సగం ఆరిన గుడ్డ కడితే ర్యాష్ రాదా?