పనిలో ‘అటానమీ’కి తెలుగు మాట?

మాధవి: పనిమీద మనసు విరిగిన ఉద్యోగి గురించిన శిక్షణ పాఠాన్ని తెలుగు చేస్తున్నాను. మనిషిని పనికి పురికొల్పేదేమిటో చెప్పే మనస్తత్వవేత్తలు డెసీ, ర్యాన్‌ల సిద్ధాంతంలోని ‘అటానమీ’కి ‘స్వయంప్రతిపత్తి’ అని రాస్తే ఏదో కళాశాలకు హోదా ఇచ్చినట్టుంది. వేరే మాట ఉందా?

సురేష్: ‘స్వతంత్రం’ సరిపోతుంది. ఎవరి జోక్యమూ లేకుండా పని చేసుకోవడమే కదా.

శారద: సరిపోదు సురేష్ గారూ. పైవాళ్లు చెప్పిన పనైనా, ఎందుకో అర్థమై మనస్ఫూర్తిగా చేస్తే డెసీ, ర్యాన్‌ల లెక్కలో అది అటానమీయే. ఎవరూ అడగకపోయినా, చేయకపోతే ఏమనుకుంటారోనని చేస్తే కాదు. మాధవిగారూ, పాఠంలో ఉదాహరణ ఏమిటి?

మాధవి: బీమా ఆఫీసులో ఫిర్యాదులకు జవాబులు రాసే ఆమె. కొత్త అధికారి వచ్చి, ముందే రాసిపెట్టిన వాక్యాలే వాడాలన్నారు. ఫిర్యాదు తీరిందో లేదో ఆమె దాకా రాదు. ఇప్పుడు రోజు లెక్క పూర్తిచేసి లేచిపోతోంది.

వెంకట్: మా దగ్గర గిట్లనే ఉంటే ఫైలుకు ఇంత అని ఇన్సెంటివ్ పెట్టిండ్రు. అందరు అల్కటి ఫైళ్లే ఏరుకున్నరు. కష్టమైనయి అట్లనే పడి ఉన్నయి.

శారద: 1971లో డెసీ చూసినదీ దీనికి దగ్గరగానే ఉంది వెంకట్ గారూ. విద్యార్థులకు ముక్కలు పేర్చి ఆకారాలు కట్టే సోమా ఘనాల పజిల్స్ ఇచ్చి, కొందరికి పజిల్‌కు ఒక డాలరు చొప్పున ఇచ్చారు. డబ్బు ఆపాక, ఖాళీ సమయంలో వాళ్లు పజిల్స్ ముట్టుకోవడం తగ్గింది. మెచ్చుకోలు మాత్రమే అందినవాళ్లలో అలా తగ్గలేదు. అయితే అది ముందే సరదాగా ఉన్న పని. జీతం చాలని మనిషికి దీన్ని చూపించి సర్దిచెప్పడం అన్యాయం.

సురేష్: అయితే ముందే రాసిపెట్టిన ఆ వాక్యాలన్నీ తీసేస్తే సరి.

శారద: అప్పుడు ఏం రాస్తే చిక్కొస్తుందో తెలియక ఆమె ఇంకా బెదిరిపోవచ్చు. చట్టం కోసం ఉంచాల్సిన వాక్యాలేవో, ఎందుకో చెప్పాలి. మిగతా జవాబు ఆమెకే వదలాలి. మళ్లీ తిరిగొచ్చిన ఫిర్యాదులు ఆమెకు చూపించాలి. తన జవాబు ఎక్కడ పనిచేసిందో తెలిస్తేనే ‘నాకు చేతనవుతోంది’ అనిపిస్తుంది. ఆ సిద్ధాంతంలోనే ఉన్న మరో మాట ‘కాంపిటెన్స్’ అంటే ఇక్కడ ఆ నమ్మకమే. ‘సామర్థ్యం’ అంటే పైవాళ్లు కొలిచేదిలా వినిపిస్తుంది. చిక్కు ఫిర్యాదు పట్టుకుని ఆమే వచ్చి అడిగిందంటే మార్పు మొదలైనట్టు.

మాధవి: ‘చేతనవుతోందన్న నమ్మకం’ రాసేసుకున్నాను. అటానమీకి ‘మనసొప్పి చేయడం’ అందామా?

సురేష్: ఒప్పడం అంటే సర్దుకుపోవడంలా ఉందండీ.

వెంకట్: ‘ఇష్టంగ చేసుడు’ అనరాదు?

శారద: విసుగు పుట్టించే పనినీ దాని విలువ తెలిసి చేస్తాం కదా, ‘ఇష్టం’ అక్కడ అతకదు. సురేష్ గారి అభ్యంతరమూ నిజమే. ఇంకెవరికైనా మాట తడుతుందేమో చూద్దాం.