యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయాటిక్ వేయాల్సిందేనా, పెరుగన్నం చాలదా?

కొర్లగుంట అమ్మ:
మా బాబుకు ఏడేళ్లు. చెవిపోటుకు అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన సిరప్ ఏడు రోజులకు రాశారు. మూడో రోజు నుంచి నీళ్ల విరేచనాలు, రోజుకు నాలుగుసార్లు. మెడికల్ షాపులో ప్రోబయాటిక్ సాచెట్లు చేతిలో పెట్టారు, డాక్టర్ గారు మాత్రం రాయలేదు. మా అత్తగారు పెరుగన్నం పెడితే చాలంటారు. ఏది నిజం? సిరప్ ఆపేయాలా?

చిత్తూరు మందుల షాపు:
అమ్మా, టెన్షన్ పడొద్దు. యాంటీబయాటిక్ ఇస్తే మోషన్స్ మామూలే. మా షాపులో ఏ యాంటీబయాటిక్ చీటీ వచ్చినా ప్రోబయాటిక్ కలిపే ఇస్తాం. కడుపులో మంచి బాక్టీరియా చచ్చిపోతుంది, దాన్ని తిరిగి నింపాలి. పెద్దవాళ్ల మాత్రల్లో అయితే కంపెనీలే లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్ కలిపి ఇస్తున్నాయి కదా, అవి వేసుకునేవాళ్లకు విడిగా కూడా అక్కర్లేదు.

వార్డు ఫార్మసిస్ట్, తిరుపతి:
అక్కా, సిరప్ మీరుగా ఆపొద్దు. ఈరోజే రాసిన డాక్టర్‌కు ఫోన్ చేసి, నాలుగుసార్లు అవుతోందని చెప్పండి. కొనసాగించమంటారో, మారుస్తారో ఆయన చెబుతారు. ఈలోపు ఒక ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి, విరేచనం అయినప్పుడల్లా కొంచెం కొంచెంగా తాగించండి. సగం ప్యాకెట్ అర లీటరులో అని అంచనాతో కలపొద్దు. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, పిల్లాడు మగతగా ఉన్నా ఫోన్‌తో సరిపెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మోషన్స్ ఆపే లోపెరమైడ్ మాత్ర మాత్రం వేయొద్దు.

ఈ సిరప్‌కు విరేచనాలు ఎక్కువ రావడానికి కారణం ఒక్కటి కాదు. క్లావులనేట్ పేగుల కదలికను తానే పెంచుతుంది. దానికి తోడు, మనకు అరగని పిండిపదార్థాన్ని పులియబెట్టి వాడుకునే బాక్టీరియా తగ్గిపోతే అది పేగులోనే మిగిలి నీళ్లను లాక్కుంటుంది. మొదటి కారణాన్ని ఏ సాచెట్టూ ఆపలేదు. అందుకే "పోయిన బాక్టీరియాను నింపడం" అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, సగమే నిజం.

ఇక మీ అసలు ప్రశ్న. పిల్లల్లో దీని మీద ఉన్న రుజువులన్నీ కలిపి 2019లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్ష సంస్థ వాళ్లు సమీక్ష వేశారు. 33 ట్రయల్స్, ఆరు వేల పైచిలుకు పిల్లలు. యాంటీబయాటిక్ మాత్రమే వాడిన వాళ్లలో నూటికి 19 మందికి విరేచనాలు వస్తే, ప్రోబయాటిక్ కూడా వాడిన వాళ్లలో నూటికి 8 మందికి వచ్చాయి. అంటే సుమారు తొమ్మిది మంది పిల్లలకు వేస్తే ఒకరికి తప్పుతుంది. ఇది కొట్టిపారేసే సంఖ్య కాదు. కానీ అవన్నీ రాకుండా చూసే ప్రయత్నాలు, చాలావరకు యాంటీబయాటిక్‌తో పాటే మొదలుపెట్టినవి. మూడో రోజు విరేచనాలు మొదలయ్యాక వేస్తే అంతే ఫలితం ఉంటుందని ఈ లెక్క చూపించి చెప్పలేం.

పలమనేరు పాఠకుడు:
సార్, నేను దీనికి ఒప్పుకోను. ఇజ్రాయెల్‌లో 2018లో చేసిన పరిశోధన చదివాను. యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ వాడిన వాళ్ల పేగుల్లో సొంత బాక్టీరియా తిరిగి రావడానికి నెలల తరబడి ఆలస్యం అయింది. ఏమీ వాడనివాళ్లు ముందే కోలుకున్నారు. అంటే ఈ సాచెట్లు మేలు చేయకపోగా హాని చేస్తున్నాయి. షాపుల వాళ్లు లాభం కోసం అంటగడుతున్నారు.

వార్డు ఫార్మసిస్ట్, తిరుపతి:
అన్నా, వైజ్‌మన్ సంస్థ వాళ్ల ఆ పని మంచి పనే, మీరు చెప్పిన ఫలితమూ నిజమే. కానీ అందులో ఉన్నది 21 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు. వాళ్లకు సిప్రోఫ్లోక్సాసిన్, మెట్రోనిడజోల్ కలిపి వారం ఇచ్చి, తర్వాత ఒక బృందానికి 11 రకాల బాక్టీరియా ఉన్న మిశ్రమం ఇచ్చారు. ఎండోస్కోపీతో పేగు గోడ నుంచి కూడా నమూనాలు తీసి, పాత బాక్టీరియా ఎంతవరకు తిరిగి వచ్చిందో కొలిచారు. ఎవరికి విరేచనాలు తగ్గాయన్నది వాళ్ల ప్రశ్న కాదు. కాక్రేన్ లెక్కలో ఉన్నవాళ్లు జబ్బుపడిన పిల్లలు, కొలిచింది విరేచనాలు. ఒకదానితో ఇంకోదాన్ని రద్దు చేయలేం.

అయినా మీ మాటలో పట్టుకోవాల్సింది ఒకటుంది. యాంటీబయాటిక్ కోర్సు అయిపోయాక కూడా "పేగులు బాగుపడతాయి" అని నెలల తరబడి వాడించడానికి గట్టి ఆధారం లేదు. ఆ అలవాటు మీద నాకూ అభ్యంతరమే.

చిత్తూరు మందుల షాపు:
లాభం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. తొమ్మిది మందిలో ఒకరికి తప్పుతుందని మీరే అన్నారు. మరి అందరికీ ఇవ్వడంలో తప్పేముంది?

వార్డు ఫార్మసిస్ట్, తిరుపతి:
ఏది ఇస్తున్నారన్నదే తేడా. మీరు చెప్పిన ఆ కలిపిన మాత్రల స్ట్రిప్ ఒకటి తీసి వెనక చదవండి. అమాక్సిసిలిన్ 500 మి.గ్రా., క్లావులనిక్ యాసిడ్ 125 మి.గ్రా., లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్ 60 మిలియన్ స్పోర్లు అని ఉంటుంది చాలావాటి మీద. స్పోర్లంటే నిద్రాణంగా ఉన్న బాక్టీరియా. 60 మిలియన్ అంటే 6 కోట్లు. రోజుకు రెండు మాత్రలైతే 12 కోట్లు. కాక్రేన్ వాళ్లు మోతాదును బట్టి విడదీసి చూసినప్పుడు బలమైన ఫలితం కనిపించింది రోజుకు 5 బిలియన్, అంటే 500 కోట్లు, ఆ పైన ఇచ్చినచోట. అక్కడ నూటికి 23 మందికి బదులు 8 మందికే విరేచనాలు వచ్చాయి. 12 కోట్లు ఎక్కడ, 500 కోట్లు ఎక్కడ? నలభయ్యో వంతు కూడా కాదు. పైగా ఆ మాత్రలో ఉన్న రకం వేరు. పిల్లల్లో ఎక్కువ ఆధారం ఉన్నవి రెండు: లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, సాక్రోమైసిస్ బౌలార్డీ. "ప్రోబయాటిక్" అన్న పేరు ఒక్కటే, లోపల ఉన్నవి మాత్రం వేర్వేరు జీవులు. కాబట్టి స్ట్రిప్‌లో కలిపి ఉంది, విడిగా అక్కర్లేదు అనడం కుదరదు.

చిత్తూరు మందుల షాపు:
స్ట్రిప్ తీసి చూశాను, 60 మిలియన్ అనే ఉంది. సరే, మాత్రల సంగతి వదిలేద్దాం. చిన్న ప్లాస్టిక్ వయల్స్‌లో వచ్చే బాసిల్లస్ క్లాసీ మాటేమిటి? మా దగ్గర పిల్లల డాక్టర్లు ఎక్కువ రాసేది అదే. 5 మి.లీ.లో 2 బిలియన్.

వార్డు ఫార్మసిస్ట్, తిరుపతి:
దాని స్పోర్లు చాలా యాంటీబయాటిక్‌లకు లొంగవు, అది దాని బలం. కానీ ఈ పనికి దాని మీద ఉన్న ట్రయల్స్ ఆ రెండింటితో పోలిస్తే తక్కువ. పనిచేయదని నేననను. అంత నమ్మకంగా రాసే స్థాయిలో మాత్రం లేదు. రోజుకు రెండు వయల్స్ వేసినా 4 బిలియనే.

శ్రీకాళహస్తి రోడ్డు:
నా సంగతి చెబుతాను. మా నాన్నకు 72, షుగర్ ఉంది. కాలికి పుండు పడితే ఒక ఆస్పత్రిలో ఇంజెక్షన్ యాంటీబయాటిక్‌లు ఇచ్చారు. ఇంటికొచ్చాక వారంలో విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం. షాపులో మోషన్ ఆపే మాత్రలు ఇచ్చారు, కడుపు ఉబ్బిపోయింది. చివరికి మలం పరీక్షలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అని, యాంటీబయాటిక్ తర్వాత పేగులో పెరిగి విరేచనాలు తెచ్చే బాక్టీరియా అని తేలింది. ముందే ప్రోబయాటిక్ వేసి ఉంటే ఆయనకు ఆ బాధ తప్పేదా? ఇప్పటికీ అదే నన్ను వేధిస్తోంది.

వార్డు ఫార్మసిస్ట్, తిరుపతి:
తప్పేదని ఎవరూ హామీ ఇవ్వలేరు అన్నా. మీ నాన్నగారి లాంటి వాళ్ల మీదే బ్రిటన్‌లో పెద్ద ట్రయల్ జరిగింది. 65 దాటి, ఆస్పత్రిలో యాంటీబయాటిక్ వాడుతున్న దాదాపు మూడు వేల మంది. 2013లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. నాలుగు రకాల బాక్టీరియా, రోజుకు 60 బిలియన్, మూడు వారాలు. విరేచనాలు ప్రోబయాటిక్ బృందంలో 10.8 శాతం, ఉత్తుత్తి మందు ఇచ్చిన బృందంలో 10.4 శాతం. తేడా లేదు. నేను పైన 5 బిలియన్ అన్నాను కదా, ఇక్కడ దానికి పన్నెండు రెట్లు ఇచ్చినా ఫలితం రాలేదు. మోతాదు ఒక్కటే సరిపోదన్నమాట. వయసా, రకమా, వాడిన యాంటీబయాటికా, ఏది తేడా తెచ్చిందో ఇంకా తేలలేదు. మరోవైపు, ఆస్పత్రి పెద్దవాళ్లలో యాంటీబయాటిక్ మొదలైన రెండు రోజుల్లోపే ఇస్తే సి. డిఫిసిల్ తగ్గిందని కొన్ని ట్రయల్స్ కలిపిన సమీక్ష 2017లో చెప్పింది. 2020లో అమెరికన్ జీర్ణకోశ వైద్యుల సంఘం కూడా కొన్ని రకాలకు షరతులతోనే సలహా ఇచ్చింది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. బౌలార్డీ అనేది ఈస్ట్. మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం, అంటే సెంట్రల్ లైన్, ఉన్నవాళ్లకు, కీమోతో రోగనిరోధకశక్తి తగ్గినవాళ్లకు అది రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. ఐసీయూలో అలాంటి పేషెంట్ మంచం పక్కన ఆ సాచెట్ విప్పినా చేతికి అంటి లైన్‌లోకి చేరే ప్రమాదం ఉంది. తోడుగా వెళ్లేవాళ్లు ఇంటి నుంచి తెచ్చి కలిపి ఇవ్వకూడదు.

పుత్తూరు అవ్వ:
ఇన్ని కోట్లు, బిలియన్లు ఎందుకు నాయనా. మా ఇంట్లో ఎవరు మందులు మింగినా రెండు పూటలా పెరుగే. మా ఆయనకు మొన్న డాక్సీసైక్లిన్ రాశారు, మాత్ర చేదుగా ఉందని పెరుగన్నం ముద్దలో పెట్టి మింగిస్తున్నా.

వార్డు ఫార్మసిస్ట్, తిరుపతి:
అవ్వా, ఆ ఒక్కటీ ఆపండి. పెరుగులో కాల్షియం డాక్సీసైక్లిన్‌ను పట్టుకుని పూర్తిగా ఒంటికి ఎక్కనివ్వదు, మందు కొంత వృథా అవుతుంది. సిప్రోఫ్లోక్సాసిన్‌కూ అంతే. మాత్రకు, పెరుగుకు కనీసం రెండు గంటలు ఎడం పెట్టండి. మాత్ర గ్లాసు నిండా నీళ్లతో మింగించి, అరగంట పడుకోనివ్వొద్దు, లేకపోతే గొంతులో అంటుకుని మంట పుడుతుంది. పెరుగు మంచి తిండే. పిల్లాడికి పెరుగన్నం పెట్టొచ్చు, రాగి గంజి కూడా. అయితే ఇంటి తోడులో ఏ రకం, ఎంత ఉందో ఇంటికో తీరు, పూటకో తీరు. కాబట్టి ఆ ట్రయల్స్ ఫలితాన్ని మన పెరుగుకు ఆపాదించలేం.

కొర్లగుంట అమ్మ:
డాక్టర్ గారితో మాట్లాడాను. సిరప్ అన్నం తిన్నవెంటనే ఇవ్వమన్నారు, రేపటికి తగ్గకపోతే మందు మారుస్తానన్నారు. ఓఆర్ఎస్ తాగుతున్నాడు, మూత్రం బాగానే ఉంది. షాపువాళ్లు ఇచ్చిన సాచెట్ మీద సాక్రోమైసిస్ బౌలార్డీ 250 మి.గ్రా., 5 బిలియన్ అని ఉంది. వేయొచ్చా అని అడిగితే, "వేస్తే నష్టం లేదు, వేయకపోయినా తగ్గుతుంది" అన్నారు.

వార్డు ఫార్మసిస్ట్, తిరుపతి:
ఆయన సరిగ్గానే చెప్పారు. వేస్తే వేడి పాలలో కలపకండి, చచ్చిపోతుంది. చల్లటి నీళ్లు చాలు. ఈస్ట్ కాబట్టి మీ సిరప్ దాన్ని ఏమీ చేయదు.

చిత్తూరు మందుల షాపు:
అంటే రేపు నా కౌంటర్‌కు అమాక్సిసిలిన్ చీటీతో ఒక తల్లి వస్తే ఇవ్వమంటారా, వద్దంటారా?

వార్డు ఫార్మసిస్ట్, తిరుపతి:
నేనైతే ఒక ప్రశ్న అడుగుతాను: పోయినసారి ఇదే మందుకు పిల్లాడికి మోషన్స్ అయ్యాయా? అయితే మొదటి రోజు నుంచే, సరైన రకం, సరైన మోతాదు డాక్టర్‌ను అడిగి ఇవ్వమంటాను. కాకపోతే నేను ఇవ్వను.

పలమనేరు పాఠకుడు:
నేను రెండో సందర్భంలోనే కాదు, మొదటిదాంట్లోనూ ఇవ్వను. ఆ ఇజ్రాయెల్ పరీక్ష పిల్లల్లో చేసేదాకా నా అనుమానం పోదు.

చిత్తూరు మందుల షాపు:
నేను ఇస్తాను. కానీ ఇకమీదట స్ట్రిప్ వెనక చూసి ఇస్తాను.