అప్‌డేట్: సీఏ-125 ఎందుకు పెరిగిందో తెలిసింది

అప్పుడు నేను ఇక్కడ అడిగింది: "నాకు 36 ఏళ్లు. పొత్తికడుపు నొప్పికి చేసిన పరీక్షల్లో, రక్తంలో సీఏ-125 అనే ప్రొటీన్ 96 వచ్చింది. 35 లోపు ఉండాలట. అండాశయ క్యాన్సరేనా?"

క్యాన్సర్ లక్షణాలేవీ కనిపించలేదు. ఎండోమెట్రియోసిస్ అన్నారు.

రిపోర్టు చూడగానే డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "రక్తం ఇచ్చినప్పుడు పీరియడ్స్‌లో ఉన్నావా?" అని. అవును, రెండో రోజు! ఆ సంగతి నన్ను ముందే ఎవరైనా అడిగి ఉంటే ఇన్ని రాత్రులు నిద్ర మానేదాన్ని కాదు.

సీఏ-125 అండాశయంలోనే పుట్టేది కాదట. గర్భాశయం లోపలి పొర, పొట్ట లోపలి పొర కూడా ఆ ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. ఆ పొరలు రేగితే అది రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. పీరియడ్స్‌లో జరిగేది అదే. ఎండోమెట్రియోసిస్‌లో గర్భాశయ పొరలాంటి కణజాలం బయట పెరిగి చుట్టుపక్కల వాపు తెస్తుంది కాబట్టి ఇంకా పెరుగుతుంది. ఫైబ్రాయిడ్స్ ఉన్నా కొందరిలో పెరుగుతుందట, నాకైతే అవి లేవు.

తేల్చింది మాత్రం యోని ద్వారా చేసిన స్కాన్. ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల సిస్ట్, లోపల పాత రక్తం, తెర మీద మసక గాజులా సమానంగా కనిపించింది. గట్టి గడ్డలు లేవు, పొట్టలో నీరు లేదు. పీరియడ్స్ అయ్యాక మళ్లీ రక్తం ఇస్తే 52 వచ్చింది. ఎండోమెట్రియోసిస్ ఉంది కాబట్టి పూర్తిగా తగ్గకపోవడం వింతేమీ కాదన్నారు.

అయినా 35 లోపు వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదని చెప్పలేమని, సిస్ట్ పెరిగినా అందులో గట్టి భాగం కనిపించినా ఆలోచన మారుతుందని కూడా చెప్పారు. అందుకే మూడు నెలలకు మళ్లీ స్కాన్ ఉంది.