«పొరపాటు దొర్లింది» అనవచ్చా?

శారద: మా ప్రకటనల ఏజెన్సీ ఒక చీరల దుకాణానికి క్షమాపణ లేఖ రాయాలి. జూన్‌లో మా ప్రకటనల వల్ల 412 ఆర్డర్లు వచ్చాయని నివేదిక ఇచ్చాం. నిజానికి వచ్చినవి 268. చిత్తులో ఇలా రాశాను: «నివేదికలో పొరపాటు దొర్లింది. కలిగిన అసౌకర్యానికి క్షంతవ్యులం.» మేనేజరు బాగుందన్నారు. నాకే ఎక్కడో గుచ్చుకుంటోంది.

వెంకటరమణ: గుచ్చుకోవలసిందే. అచ్చుతప్పు దొర్లుతుంది, ఒక చోట, ఒకసారి. నెల పొడుగునా లెక్క తప్పితే దొర్లడం ఏమిటి? పైగా దొర్లిందంటే దానంతట అదే దొర్లినట్టు, దొర్లించినవారు లేనట్టు. ఇక ‘క్షంతవ్యులం’ అంటే క్షమించదగినవాళ్లం అని. అడగవలసిన చోట తీర్పు మీరే చెప్పేసుకుంటున్నారు.

పద్మజ: వ్యుత్పత్తి సరే, వాడుకలో ఆ మాటకు ‘క్షమించండి’ అనే అర్థమే స్థిరపడింది కదండీ. చదివేవారు తీర్పుగా తీసుకోరు.

కిశోర్: లేఖలో ప్రకటనల వల్ల వచ్చిన ఆర్డర్లను ‘కన్వర్షన్లు’ అని రాయకండి. ‘మార్పిడులు’ అనే చక్కని మాట ఉంది.

శారద: ఒకసారి రాశాను. చీరలు మార్చుకోవడానికి వచ్చినవారి లెక్క అనుకున్నారు యజమాని. అప్పటినుంచి ‘ఆర్డర్లు’ అనే రాస్తున్నాను.

వెంకటరమణ: అసలు తప్పు ఎక్కడ జరిగింది?

శారద: ఆర్డరు పూర్తయ్యాక వచ్చే ‘ధన్యవాదాలు’ పేజీలో లెక్కించే కోడ్ పెట్టాం. చీర ఎప్పుడొస్తుందో చూడటానికి కొనుగోలుదారులు ఆ పేజీని మళ్లీ తెరిచారు. తెరిచిన ప్రతిసారీ కొత్త ఆర్డరుగా పడింది. ఆర్డరు నంబరును `transaction_id`గా పంపి ఉంటే ఒకే నంబరు రెండోసారి లెక్కకు వచ్చేది కాదు. మేము పంపలేదు. దుకాణం ఆర్డర్ల పుస్తకంతో పోల్చి చూస్తేనే బయటపడింది.

పద్మజ: అయితే అంకె సరిచేస్తే సరిపోతుందిగా?

శారద: సరిపోదండీ. ఖర్చు 1,34,000 రూపాయలు. ఒక్కో ఆర్డరుకు 325 పడిందని చెప్పాం, నిజానికి 500 పడింది. చవకగా వస్తోందనుకుని నెల మధ్యలో వాళ్లు బడ్జెట్ పెంచారు. ప్రకటనల ధరను తనే నిర్ణయించే పద్ధతి కూడా ఆ తప్పుడు లెక్కనే నమ్ముకుని నడిచింది.

వెంకటరమణ: అలాగైతే ‘అసౌకర్యం’ కూడా తీసేయండి. బస్సు ఆలస్యమైతే అసౌకర్యం. ఇది నష్టం.

శారద: ఇలా మార్చాను: «జూన్ ఆర్డర్ల సంఖ్యను మేము 144 ఎక్కువగా చూపాం. ఆర్డరు నంబరు పంపే ఏర్పాటు చేయకపోవడం మా తప్పు. మా లెక్కను నమ్మి మీరు బడ్జెట్ పెంచారు. మమ్మల్ని క్షమించండి.» మేనేజరు ‘మా తప్పు’ కొట్టేసి ‘సాంకేతిక లోపం’ అని రాశారు.

పద్మజ: అది పూర్తిగా అబద్ధమూ కాదు కదా?

వెంకటరమణ: కోడ్ మీరు చెప్పినట్టే నడిచింది. లోపం ఎవరిదండీ?

శారద: రేపు మధ్యాహ్నంలోగా పంపాలి. ఇంకా ఆ ఒక్క మాట దగ్గరే ఆగి ఉన్నాం.