రిఫరెన్స్ వీడియో బాగానే ఉంది, మా తాత మాత్రం గాల్లో తేలుతున్నాడు

కీఫ్రేమ్_కిట్టు: బ్లెండర్‌లో 3 సెకన్ల యానిమేషన్ షాట్. స్టూల్ మీద కూర్చున్న తాత ఫోన్ మోగితే మోకాలి మీద చెయ్యి ఆనించి లేవాలి. లుంగీ కట్టుకుని నేనే నటించి తీసుకున్నా. ప్రతి 4 ఫ్రేములకీ కీ పెట్టి, వీడియోలో ఉన్నది ఉన్నట్టు దించా. అయినా ఎవరో తాడు కట్టి పైకి లాగినట్టు లేస్తున్నాడు.

రెండర్_రాజు: 60 ఎఫ్‌పీఎస్‌లో తియ్యి బ్రో. ఫోన్ 30లో తీస్తుంది, నీ సీన్ 24 అయ్యుంటుంది. తేడా అక్కడే.

పాత_పెన్సిల్: రాజు చెప్పిన తేడా నిజమే. పైగా ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు మధ్యమధ్యలో మారుతుంటుంది కూడా. ముందు ఇలా మార్చుకోండి:

```
ffmpeg -i tata.mp4 -vf fps=24 -an ref_%04d.png
```

కానీ దీంతో టైమింగే కుదురుతుంది, బరువు రాదు. కెమెరా ఎటు పెట్టారు?

కీఫ్రేమ్_కిట్టు: ఎదురుగా అన్నా. షాట్ కూడా అదే యాంగిల్.

పాత_పెన్సిల్: దొరికింది. స్టూల్ మీంచి ఒకసారి లేచి చూడండి. ముందు పాదాలు వెనక్కి జరుగుతాయి, ఒళ్ళు ముందుకు వంగి తల దాదాపు కాలివేళ్ళ మీదికి వస్తుంది, అప్పుడే హిప్ స్టూల్‌ని వదులుతుంది. ఎదురుగా తీస్తే ఈ ముందుకు రావడం కనబడదు, తల కాస్త కిందికి దిగినట్టే ఉంటుంది. మీరు దాన్నే దించారు. రిగ్‌ని పక్కనుంచి తిప్పి చూస్తే హిప్ నిట్టనిలువుగా లేస్తూ ఉంటుంది, పందెం.

ఇంకో ఫోన్ పక్కన పెట్టి మళ్ళీ తియ్యండి. మొదట్లో చప్పట్లు కొడితే రెండు వీడియోలూ కలుపుకోవచ్చు. లుంగీ వద్దు, మోకాళ్ళు కనబడవు. తర్వాత పాత కీలన్నీ తీసేసి 4 పోజులే పెట్టండి: వినడం, తల బాగా కిందికి దిగిన చోటు, హిప్ స్టూల్ వదిలిన ఫ్రేము, నిలబడ్డాక. ఇంటర్‌పొలేషన్ కాన్‌స్టంట్‌లో ఉంచి ఆడించండి. అక్కడ బరువు తెలియకపోతే కర్వులు ఎంత దిద్దినా రాదు.

సిరి_2డి: నాకూ అంతే అండీ, కానీ కళ్ళ దగ్గర. నా రిఫరెన్స్‌లో ఎన్నిసార్లు రెప్పలేశానో అన్నీ పెట్టేశా. పాత్రకి కంట్లో నలుసు పడ్డట్టుంది. చూపు మారేచోట ఒక్కటి ఉంచి మిగతావి తీసేశా.

రెండర్_రాజు: వీడియోలోంచి నేరుగా డేటా లాగేసే యాడ్-ఆన్ వాడొచ్చుగా?

కీఫ్రేమ్_కిట్టు: మోక్యాప్ వద్దనేగా చేత్తో చేస్తున్నా రాజూ! అన్నా, పందెం మీరే గెలిచారు, హిప్ గోడకి ఆనుకుని పాకినట్టుంది. మళ్ళీ తీశా, 4 పోజుల్లోనే ముసలాయన కనిపిస్తున్నాడు. కానీ రిగ్‌కి కాళ్ళు పొట్టి, నాలాగే వంగితే అరచెయ్యి మోకాలు దాటిపోతోంది.

పాత_పెన్సిల్: చెయ్యి మోకాలికి అతికించి, వంగడం తగ్గించండి. కొలత కన్నా ఆనింపు ముఖ్యం.

సిరి_2డి: నేనైతే వంగడం అలాగే ఉంచి చెయ్యి తొడమీదికి మార్చేదాన్ని. అయినా పాతికేళ్ళ వాళ్ళు ముసలితనం నటించడం ఎందుకు, మీ తాతగారినే తియ్యొచ్చుగా?

కీఫ్రేమ్_కిట్టు: తీశానండీ. కెమెరా చూడగానే కుర్రాడిలా లేచి నిలబడ్డాడు.